సీబీఎస్‌ఈ పది తర్వాత ఇంటర్‌కి: ఏ బోర్డు పాత పేపర్లు ఎప్పుడు తియ్యాలి

సీబీఎస్‌ఈలో పదో తరగతి పాసై ఇంటర్ ఎంపీసీలో చేరిన పిల్లలకి మొదటి యూనిట్ టెస్టులో దెబ్బ తగిలేది ఎక్కువగా మాత్స్‌లోనే. లెక్క రాక కాదు. లెక్క వచ్చినా ఎంత రాయాలో, ఏ పద్ధతిలో రాయాలో తెలియక మార్కులు పోతాయి. దీనికి పాత పేపర్లే మందు అని అందరూ చెప్తారు. మరి ఏ బోర్డు పేపర్లు? ఇంటర్‌వే చాలా, సీబీఎస్‌ఈవి కూడా పక్కన పెట్టుకోవాలా? ఈ ప్రశ్నకి మొదటి సంవత్సరం మాత్స్ 1ఎ పేపర్‌ని ఉదాహరణగా తీసుకుని జవాబు చూద్దాం. ఇక్కడ చెప్పే ఇంటర్ ప్యాటర్న్ తెలంగాణ బోర్డు 2025 మార్చి పరీక్షల వరకు ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరం 1ఎ, 1బి కలిపి ఒకే మాత్స్ పేపర్ చేశారు కాబట్టి అక్కడి పిల్లలు ఏ పాత పేపర్ ముట్టుకునే ముందైనా బోర్డు కొత్త మోడల్ పేపర్ చూడాలి. తెలంగాణ వాళ్లూ తమ బ్యాచ్‌కి ఇచ్చిన మోడల్ పేపర్‌తో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

రెండు పేపర్లూ పక్కపక్కన పెడితే

సీబీఎస్‌ఈ మాత్స్ పేపర్ పదిలోనైనా పన్నెండులోనైనా 80 మార్కులకి 38 ప్రశ్నలు. అందులో 20 ఒక్క మార్కు బిట్లు, ఆ ఇరవైలో రెండు అసర్షన్-రీజన్ రకం, అంటే ఒక వాక్యమూ, దానికి కారణమంటూ ఇంకో వాక్యమూ ఇచ్చేవి. తర్వాత 5 రెండు మార్కులవి, 6 మూడు మార్కులవి, 4 అయిదు మార్కులవి, చివర 3 కేస్ స్టడీలు నాలుగేసి మార్కులకి. కొన్ని ప్రశ్నల లోపల 'ఇది గానీ అది గానీ' అనే ఛాయిస్ ఉంటుంది తప్ప, ప్రశ్నని మొత్తంగా వదిలేసే వీలు లేదు.

ఇంటర్ 1ఎ పేపర్ 75 మార్కులకి. సెక్షన్ ఎ లో 10 వెరీ షార్ట్ ప్రశ్నలు, రెండేసి మార్కులు, అన్నీ రాయాలి. సెక్షన్ బి లో 7 ఇచ్చి 5 రాయమంటారు, నాలుగేసి మార్కులు. సెక్షన్ సి లో కూడా 7 ఇచ్చి 5 రాయమంటారు, ఏడేసి మార్కులు. బిట్లు లేవు, కేస్ స్టడీలు లేవు.

రెండింటికీ మూడు గంటలే. మార్కుకి పట్టే టైం లెక్కేస్తే సీబీఎస్‌ఈలో 2.25 నిమిషాలు, ఇంటర్‌లో 2.4 నిమిషాలు. ఇది చూసి 'రెండూ ఒకటే కదా' అనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. రాయాల్సిన జవాబులు లెక్కపెట్టండి. సీబీఎస్‌ఈలో 38, ఇంటర్‌లో 20. అంటే ఒక్కో జవాబుకి అక్కడ అయిదు నిమిషాల లోపు, ఇక్కడ తొమ్మిది నిమిషాలు. ఇంటర్ పేపర్ తక్కువ జవాబులు అడిగి, ఒక్కో జవాబులో ఎక్కువ మెట్లు చూపించమంటుంది. సీబీఎస్‌ఈ అలవాటుతో చకచకా రాసిన విద్యార్థి గంట ముందే పేపర్ ఇచ్చేసి బయటికి వచ్చాడంటే సంతోషించకండి. ఆ గంట అతను రాయకుండా వదిలిన మెట్లదే.

ఒకటి ప్రశ్నల గని, ఇంకొకటి ప్రశ్నల తీరు

ఎంపికంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. ఇంటర్‌లో పాత పేపర్ అంటే ప్రశ్నల గని. తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్న లెక్కలే, చాలాసార్లు అంకెలు కూడా మారకుండా, మార్చి పేపర్లోనో సప్లిమెంటరీలోనో మళ్లీ కనిపిస్తాయి. అంతకంటే ముఖ్యం, ఏ నంబరు ప్రశ్న ఏ చాప్టర్ నుంచి వస్తుందో దాదాపు స్థిరంగా ఉంటుంది. సీబీఎస్‌ఈ పాత పేపర్లో అదే ప్రశ్న తిరిగి వస్తుందని ఎదురుచూడకూడదు. అది ప్రశ్న అడిగే తీరుకి నమూనా. ఒకే కాన్సెప్ట్‌ని బిట్టుగా, కథగా, అసర్షన్‌గా ఎలా తిప్పుతారో నేర్పుతుంది.

అందుకే ఇంటర్ పేపర్లని సీబీఎస్‌ఈ పేపర్లలా వాడితే, అంటే ఏడాదికొకటి చొప్పున టైం పెట్టి రాసి మార్కులేసుకుని పక్కన పడేస్తే, వాటిలో సగం లాభం పోతుంది. ముందు రాయొద్దు, విప్పి చూడండి.

పని ఇలా. ఒక పెద్ద కాగితం మీద 24 అడ్డవరుసలు గీయండి, ప్రశ్న నంబరుకి ఒకటి. నిలువు గళ్లలో అయిదు మార్చి పేపర్లు. ఒక్కో గడిలో లెక్క రాయొద్దు, చాప్టర్ పేరు మాత్రం రాయండి. మూడో పేపర్ దాటేసరికి వరుస పొడుగునా ఒకే పేరు కనిపించడం మొదలవుతుంది. 1ఎ లో తేలే లెక్క ఇది: ప్రమేయాలు 11 మార్కులు, గణితానుగమనం 7, మాత్రికలు 22, సదిశల సంకలనం 8, సదిశల లబ్ధం 13, త్రికోణమితి నిష్పత్తుల నుంచి పరివర్తనల వరకు 15, త్రికోణమితి సమీకరణాలు 4, విలోమ ప్రమేయాలు 4, అతిపరావలయ ప్రమేయాలు 2, త్రిభుజ ధర్మాలు 11. మొత్తం 97. పేపర్లో ఇచ్చేది 97, మీరు రాసేది 75.

ఈ 22 మార్కుల తేడాయే ఛాయిస్. సీబీఎస్‌ఈ నుంచి వచ్చిన వాళ్లకి దీన్ని వాడుకోవడం రాదు, ఎందుకంటే అక్కడ ఇలాంటిది లేదు. సెక్షన్ సి లో ప్రమేయాలు ఒకటి, అనుగమనం ఒకటి, మాత్రికలు రెండు, సదిశల లబ్ధం ఒకటి, త్రికోణమితి ఒకటి, త్రిభుజ ధర్మాలు ఒకటి వస్తాయి. ఇందులో సరిగ్గా అయిదు ఎంచుకుని మిగతా రెండూ చదవకుండా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. అయిదింట్లో ఒకటి మొండికేస్తే ఏడు మార్కులు ఒక్క దెబ్బకి పోతాయి. ఆరు సిద్ధం చేసుకుని ఒకటి మాత్రం వదలండి. ఒక మాట గుర్తుంచుకోవాలి. సెక్షన్ సి లో సదిశల లబ్ధం వదిలినంత మాత్రాన ఆ చాప్టర్ పోదు. సెక్షన్ ఎ లో దాని రెండు మార్కుల ప్రశ్న ఎలాగూ ఉంటుంది, అక్కడ ఛాయిస్ లేదు.

సీబీఎస్‌ఈ పేపర్లు ఎక్కడ పనికొస్తాయి

చాలామంది తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న పదో తరగతి పేపర్లనో, పదకొండో తరగతి స్కూలు పేపర్లనో తీస్తారు. 1ఎ కి అవి రెండూ పెద్దగా అక్కరకి రావు. కారణం సిలబస్ వరుస. ఇంటర్ మొదటి సంవత్సరంలో వచ్చే మాత్రికలు, సదిశలు, విలోమ త్రికోణమితి సీబీఎస్‌ఈలో పన్నెండో తరగతిలో ఉన్నాయి. పదకొండులో ఉండే సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, ప్రస్తారాలు-సంయోగాలు ఇంటర్ రెండో సంవత్సరం 2ఎ లోకి వెళ్తాయి. పైగా పదకొండుకి బోర్డు పరీక్షే లేదు కాబట్టి ఆ పేపర్లు ఏ స్కూలుకి ఆ స్కూలువే.

కాబట్టి జత కుదిరేది ఇంటర్ మొదటి సంవత్సరం పేపరుకీ, సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి పేపరుకీ. వినడానికి తలకిందులుగా ఉన్నా సరైన జత అదే. ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, విలోమ ప్రమేయాలు కలిపి 97లో 58 మార్కులకి ఇలా జత దొరుకుతుంది. ప్రమేయాల విషయంలో ఒక మెలిక ఉంది. సంయుక్త ప్రమేయం, విలోమ ప్రమేయం సీబీఎస్‌ఈ సిలబస్‌లోంచి తీసేశారు. ఇంటర్‌లో ఏడు మార్కుల ప్రశ్న సరిగ్గా అక్కడి నుంచే, `(gof)⁻¹ = f⁻¹og⁻¹` అని నిరూపించమనే లాంటి సిద్ధాంతంగా వస్తుంది. దీనికి సీబీఎస్‌ఈలో 2020, అంతకు ముందు పేపర్లు చూడాలి, కొత్తవి చూస్తే ఆ ఊసే ఉండదు.

అనుగమనం, త్రికోణమితి సమీకరణాలు, అతిపరావలయ ప్రమేయాలు, త్రిభుజ ధర్మాలు కలిపి 24 మార్కులు. వీటికి ఇప్పటి సీబీఎస్‌ఈ వైపు జతే లేదు. ఇంటర్ పేపర్లూ, అకాడమీ పుస్తకమూ తప్ప దారి లేదు. మిగిలిన త్రికోణమితి 15 మార్కులకి పదకొండో తరగతి పుస్తకం కొంత ఆసరా, కానీ బోర్డు పేపర్ దొరకదు.

ఒకే లెక్క, రెండు బోర్డులు

రెండు మార్కుల ప్రశ్నతో మొదలుపెడదాం. ఇంటర్‌లో తరచూ వచ్చేది: మొదటి వరుస 2, 4, రెండో వరుస -1, k ఉన్న మాత్రిక A. `A² = O` అయితే k ఎంత? ఇదే సీబీఎస్‌ఈలో అయితే నాలుగు ఆప్షన్లతో ఒక్క మార్కు బిట్టు. అక్కడ తెలివైన విద్యార్థి ప్రధాన వికర్ణం మీది మూలకాల మొత్తం సున్నా కావాలని చూసి, k = -2 అని పది సెకన్లలో టిక్ పెట్టేస్తాడు. ఇంటర్ జవాబు పత్రంలో 'k = -2' అని ఒక్క ముక్క రాస్తే దిద్దేవాళ్లకి మార్కులేయడానికి ఆధారం ఉండదు. A ని A తో గుణించి నాలుగు మూలకాలు చూపాలి: `4 - 4`, `8 + 4k`, `-2 - k`, `-4 + k²`. తర్వాత శూన్య మాత్రికతో సమానం చేసి, `8 + 4k = 0` నుంచి k = -2 అని రాయాలి. నాలుగు పంక్తుల పని. సీబీఎస్‌ఈ బిట్లన్నీ ఇలా ఆప్షన్లు కొట్టేసి, మెట్లతో తిరిగి రాయడమే సెక్షన్ ఎ కి మంచి సాధన. మాత్రికల నుంచి పది బిట్లు ఏరుకుంటే ఒక సాయంత్రానికి సరిపోతుంది.

ఇప్పుడు ఏడు మార్కులది. ఇంటర్ పిల్లలందరికీ కంఠతా వచ్చిన సమీకరణాలు:

```
3x + 4y + 5z = 18
2x -  y + 8z = 13
5x - 2y + 7z = 20
```

ఇంటర్ పేపర్ ఏ పద్ధతో పేరు పెట్టి అడుగుతుంది: క్రేమర్ నియమం, మాత్రిక విలోమ పద్ధతి, లేదా గాస్-జోర్డాన్. సీబీఎస్‌ఈ నుంచి వచ్చిన విద్యార్థికి పన్నెండో తరగతి పుస్తకాల్లో, పేపర్లలో కనిపించేది విలోమ పద్ధతి ఒక్కటే. దాన్నే నేర్చుకుని, ప్రశ్నలో 'క్రేమర్' అన్న మాట చూసుకోకుండా విలోమంతో చేసి x = 3, y = 1, z = 1 తెచ్చేస్తాడు. జవాబు సరైనదే, అడిగింది మాత్రం అది కాదు.

క్రేమర్‌తో అయితే నాలుగు నిర్ధారకాలు విడివిడిగా విస్తరించి చూపాలి. `Δ = 3(-7+16) - 4(14-40) + 5(-4+5) = 27 + 104 + 5 = 136`. ఆ తర్వాత మొదటి నిలువు వరుస తీసి 18, 13, 20 పెడితే `Δ₁ = 408`. అలాగే `Δ₂ = 136`, `Δ₃ = 136`. చివర `x = Δ₁/Δ = 3`, మిగతా రెండూ 1. పిల్లలు ఎక్కువగా తప్పేది రెండో పదం ముందుండే మైనస్ గుర్తు దగ్గర. Δ లో `-4(14-40)` ని -104 అని రాస్తే Δ విలువ -72 అవుతుంది, x భిన్నంగా వస్తుంది. ఈ రకం పాత పేపర్ లెక్కల్లో జవాబు చాలావరకు పూర్ణాంకమే. భిన్నం వచ్చిందంటే ముందు వెనక్కి వెళ్లి గుర్తులు చూసుకోవాలి. వచ్చిన విలువల్ని మూడు సమీకరణాల్లోనూ వేసి చూడటానికి అర నిమిషం చాలు.

ఇదే లెక్కని మూడు పద్ధతుల్లోనూ, మూడు రోజుల్లో ఒక్కోటి చొప్పున, గడియారం పెట్టుకుని చెయ్యండి. ఒక్కోటి పదిహేను నిమిషాల్లో పూర్తవ్వాలి. పేపర్ మొత్తానికి లెక్క ఇలా వస్తుంది: పెద్ద ప్రశ్నలు అయిదుకి 75 నిమిషాలు, నాలుగు మార్కులవి అయిదుకి 45, రెండు మార్కులవి పదికి 40. ఇంకా ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి. ఆరో పెద్ద ప్రశ్న మీద మనసు పడితే ఆ ఇరవై దానికి, లేకపోతే సరిచూసుకోవడానికి.

ఇక్కడ సీబీఎస్‌ఈ చేసే ఒక మేలు ఉంది, వదులుకోవద్దు. ఆ బోర్డు తన పేపర్లకి మార్కింగ్ స్కీములు వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఏ మెట్టుకి ఎంత అనేది అర మార్కుల వరకు. విలోమ పద్ధతి అయిదు మార్కుల జవాబు ఒకటి తీసుకుని ఏ మెట్లకి మార్కులు పడ్డాయో చూస్తే, ఇంటర్ ఏడు మార్కుల జవాబులో ఏ మెట్టు దాచకూడదో కళ్లకి కడుతుంది. ఇంటర్ దిద్దే పద్ధతి అచ్చంగా అదేనని కాదు. సహగుణావయవాలన్నీ నోట్లో లెక్కేసి అనుబంధ మాత్రిక ఒక్కసారిగా రాసేసే అలవాటు పోవడానికి అది చాలు.

ఏది ఎంచుకోవాలి

జూన్‌లో చేరి పరీక్షకి ఏడెనిమిది నెలలు ఉన్నవాళ్లు రెండు బోర్డుల పేపర్లూ కలిపి వాడటమే మేలు. అయితే జత దొరికే చాప్టర్లకి మాత్రమే, అదీ చాప్టర్ అయిపోయిన వారంలోనే. ముందు సీబీఎస్‌ఈ పన్నెండు పేపర్ల నుంచి ఆ చాప్టర్ ప్రశ్నలు పది పదిహేను చేసి కాన్సెప్ట్ గట్టిపరుచుకుని, వెంటనే ఇంటర్ పేపర్లలో అదే చాప్టర్ గళ్లలో ఉన్నవన్నీ రాయాలి. జేఈఈ కోచింగ్‌కి వెళ్తున్న పిల్లలకైతే ఈ మొదటి సగం కూడా అక్కర్లేదు. వాళ్లకి బిట్లు కావలసినన్ని ఉంటాయి, లేనిది మెట్లు రాసే అలవాటు ఒక్కటే. ఇంటర్ పేపర్లతోనే సరిపెట్టుకోవచ్చు.

పరీక్షకి ఎనిమిది వారాలే ఉంటే సీబీఎస్‌ఈ పేపర్లు కట్టి అటక మీద పెట్టేయండి. మార్చివి అయిదు, సప్లిమెంటరీవి అయిదు ఇంటర్ పేపర్లు చాలు. మొదటి మూడు వారాలు సెక్షన్ ఎ గళ్లు మాత్రమే అడ్డంగా చెయ్యండి. అక్కడ ఇరవై మార్కులకి ఛాయిస్ లేదు, మళ్లీ మళ్లీ వచ్చేవీ అక్కడే ఎక్కువ. తర్వాత పెద్ద ప్రశ్నలు, చివరి రెండు వారాలు మూడేసి గంటల పూర్తి పేపర్లు.

ఏ దారి పట్టినా కొన్ని పేపర్లు పక్కన పెట్టాలి. 2021 వేసవిలో జరగాల్సిన ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. 2022 ఇంటర్ పేపర్ 70 శాతం సిలబస్‌తో, ఛాయిస్ పెంచి ఇచ్చింది. దాన్ని మీ 24 వరుసల కాగితంలో ఎక్కిస్తే లెక్కంతా చెదిరిపోతుంది. సీబీఎస్‌ఈ 2021-22లో రెండు టర్ములుగా పెట్టింది, మొదటిది మొత్తం బిట్లు, రెండోది మొత్తం రాసేవి. ఆ రెండూ ఇప్పటి పేపర్‌కి నమూనా కావు. పైన చెప్పిన 38 ప్రశ్నల తీరు కావాలంటే 2023 నుంచి తీసుకోవాలి.

ఎదురు దిశలో వెళ్లేవాళ్లకి

స్టేట్ బోర్డు పది చదివి సీబీఎస్‌ఈ పదకొండులో చేరేవాళ్లకి ఈ సలహా అంతా తిరగబడుతుంది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి మాత్స్ పేపర్ 100 మార్కులకి 33 ప్రశ్నలు: ఒక్క మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. అంటే ఎనిమిది మార్కుల జవాబులే నలభై. సీబీఎస్‌ఈలో అతి పెద్ద ప్రశ్న అయిదు మార్కులది, అలాంటివి నాలుగే. ఇక్కడ సమస్య తక్కువ రాయడం కాదు, ఎక్కువ రాయడం. మూడు మార్కుల జవాబుకి పేజీన్నర రాసి, చివర ఉన్న కేస్ స్టడీలకి టైం చాలక 12 మార్కులు వదిలేస్తారు.

వీళ్లు తమ పాత ఎస్‌ఎస్‌సీ పేపర్‌ని పారేయనక్కర్లేదు, కోసి వాడాలి. ఎత్తులు-దూరాల మీద ఎనిమిది మార్కుల లెక్క ఒకటి తీసుకోండి. సీబీఎస్‌ఈ కేస్ స్టడీలో లాగా దాన్ని 1, 1, 2 మార్కుల మూడు ముక్కలు చెయ్యండి: పటంలో కోణం ఏది, ఏ నిష్పత్తి వాడాలి, ఎత్తు ఎంత. మూడింటికీ కలిపి తొమ్మిది నిమిషాలు పెట్టుకోండి. అసర్షన్-రీజన్‌కి మాత్రం పాత పేపర్లో ఏ ముక్కా పనికిరాదు, సీబీఎస్‌ఈ శాంపిల్ పేపర్లే చూడాలి. అందులో అందరూ పడేది ఒకే గోతిలో. రెండు వాక్యాలూ విడివిడిగా నిజమే అయి, రెండోది మొదటిదానికి కారణం కానప్పుడు, నిజం-నిజం అని చూసిన తొందరలో మొదటి ఆప్షన్‌కి టిక్ పెట్టేస్తారు. రెండు వాక్యాల మధ్య 'ఎందుకంటే' అని పెట్టి చదివి, అర్థం కుదరకపోతే రెండో ఆప్షన్.